ర్యామ్ లేబుల్ మీద ఆ ఒక్క అక్షరం

నర్మెట్టలో మా చిన్నాన్నకు ఒక జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పరీక్షలకు అప్లికేషన్లు పెట్టే సీజన్‌లో బయట పిల్లలు లైన్ కడితే లోపల కంప్యూటర్ గిరగిరా తిరిగే గుండ్రం చూపిస్తూ కూర్చుంటుంది. అది పాత ఐ3-3220 మెషీన్, H61 బోర్డు, 4 జీబీ ర్యామ్. మొన్న వాట్సాప్‌లో నాకు రెండు ఫోటోలు పంపి, "అరేయ్, 8 జీబీది సగం ధరకే ఇస్తా అంటున్నడు. మన దాంట్ల పడ్తదా?" అని అడిగాడు. మొదటి ఫోటో ఆయన మెషీన్‌లో ఉన్న స్టిక్‌ది, రెండోది అమ్మేవాడు పంపినది.

"పడ్తదా" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. స్లాట్‌లో కూర్చోవడం ఒకటి, కూర్చున్నాక పనిచేయడం ఇంకోటి. ఈ కథంతా ఆ రెండింటి మధ్య తేడా గురించే.

ముందు చిన్నాన్న స్టిక్ చూద్దాం. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న లైన్ ఇది:

```
4GB 1Rx8 PC3-12800U
```

4GB అందరికీ అర్థమవుతుంది. PC3 అంటే డీడీఆర్3. PC4 అని ఉంటే డీడీఆర్4. PC3L అని ఉంటే 1.5 వోల్టుల బదులు 1.35 వోల్టులతో నడవగల డీడీఆర్3. 12800 అంటే సెకనుకు 12800 మెగాబైట్లు. దాన్ని 8తో భాగిస్తే 1600 వస్తుంది, మనం షాపులో "1600 ర్యామ్" అని అడిగేది అదే. 10600 అని ఉంటే అది 1333ది. ఇవన్నీ ఎక్కడ వెతికినా దొరుకుతాయి. చాలామంది చూడకుండా దాటేసేది ఆ అంకె పక్కన అతుక్కుని ఉన్న అక్షరం. U అంటే మామూలు డెస్క్‌టాప్ స్టిక్. S అంటే ల్యాప్‌టాప్‌ది, పొడవు దాదాపు సగమే కాబట్టి ఫోటోలోనే తెలిసిపోతుంది. R అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ స్టిక్.

ఇక రెండో ఫోటో. అమ్మేవాడు లేబుల్ మీద సరిగ్గా ఆ అక్షరం దగ్గరే ధర స్టిక్కర్ అంటించాడు. కావాలనే చేశాడో, అనుకోకుండా జరిగిందో నేను చెప్పలేను. కనిపించింది ఇంతే:

```
8GB 2Rx4 PC3-12800
```

చూడగానే అంతా కుదిరినట్టే ఉంటుంది. డీడీఆర్3, 1600, పొడవు కూడా అదే. కానీ 2Rx4 అన్న ముక్క అక్షరం లేకపోయినా విషయం చెప్పేస్తుంది. ఎలాగంటే, ప్రాసెసర్ ర్యామ్‌తో ఒకసారికి 64 బిట్లు మాట్లాడుతుంది. ఆ 64 బిట్లను కలిసి అందించే చిప్‌ల గుంపును ర్యాంక్ అంటారు. x8 అంటే ఒక్కో చిప్ 8 బిట్లు ఇస్తుంది. అంటే 1Rx8లో 64ని 8తో భాగిస్తే 8 చిప్‌లు. చిన్నాన్న ఫోటోలో లెక్కపెట్టాను, ఒకే వైపు 8 నల్ల చిప్‌లు, సరిపోయింది. 2Rx8 అయితే రెండు ర్యాంకులు, 16 చిప్‌లు. డెస్క్‌టాప్ స్టిక్‌లు ఎక్కువగా ఈ రెండు రకాలే.

x4లో ఒక్కో చిప్ ఇచ్చేది 4 బిట్లే. పైగా సర్వర్ స్టిక్‌లో తప్పులు పట్టుకోవడానికి ఇంకో 8 బిట్లు కలుస్తాయి, మొత్తం 72. అంటే ఒక ర్యాంకుకు 18 చిప్‌లు, రెండు ర్యాంకులకు 36. అమ్మేవాడి ఫోటోలో ఒక వైపు రెండు వరసల్లో 18 చిప్‌లు కిక్కిరిసి ఉన్నాయి. వాటి నడుమ వేరే సైజులో ఇంకో చిప్ ఉంది. అదే రిజిస్టర్. ఇక అనుమానం లేదు. అయినా చిన్నాన్నతో "స్టిక్కర్ తీసి ఇంకో ఫోటో పంపమను" అని చెప్పించాను. వచ్చింది. 12800 పక్కన R, కింద పార్ట్ నంబర్ M393B1K70DH0-CK0.

శాంసంగ్ స్టిక్ అయితే పార్ట్ నంబర్ మొదటి నాలుగు అక్షరాలు గుర్తుంచుకుంటే చాలు. M378 డెస్క్‌టాప్, M471 ల్యాప్‌టాప్, M393 రిజిస్టర్డ్. లేబుల్ మొత్తం చిరిగిపోతే చిప్ మీది అక్షరాలు చదవొచ్చు. K4B4G0846 అని ఉంటే, 4G అంటే చిప్‌కు 4 గిగాబిట్లు, 08 అంటే x8. అలాంటివి 8 ఉంటే 32 గిగాబిట్లు, అంటే 4 జీబీ. లేబుల్ మార్చి అతికించినా ఈ లెక్క మారదు, అందుకే నాకు లేబుల్ కన్నా దీనిమీదే నమ్మకం ఎక్కువ.

R స్టిక్ చిన్నాన్న మెషీన్‌లో పెడితే ఏమవుతుంది? స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది. డీడీఆర్3 డెస్క్‌టాప్‌కీ, దీనికీ 240 పిన్నులే, కింద గాడి కూడా ఒకే చోట. కానీ రిజిస్టర్డ్ స్టిక్‌లో ఆదేశాలు నేరుగా చిప్‌లకు పోవు, రిజిస్టర్ వాటిని పట్టుకుని ఒక క్లాక్ ఆలస్యంగా వదులుతుంది. ఐ3లోని మెమరీ కంట్రోలర్‌కు ఆ పద్ధతి తెలియదు. ఫ్యాన్ తిరుగుతుంది, బీప్‌లు రావచ్చు, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. చూసినవాళ్లు స్టిక్ పాడైందనుకుంటారు. నిజానికి అది మంచిదే, సర్వర్‌లో పెడితే నడుస్తుంది. పాత సర్వర్లు తీసేసినప్పుడు ఇవి కుప్పలుగా వస్తాయి, ఇంట్లో వాడేవాళ్లకు పనికిరావు, ధర తక్కువ ఉండేది అందుకే.

ఫోటో అడిగేటప్పుడు ఒక మాట. ఫ్లాష్ వేస్తే లేబుల్ మెరిసి అక్షరాలు పోతాయి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, రెండు వైపులా తీయమనండి. చిప్ మీది అక్షరాలు కనబడకపోతే ఇంకో ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేస్తే తేలతాయి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు. స్టిక్ తీసే ముందు ప్లగ్ పీకి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని, స్టిక్‌ను అంచులతోనే పట్టుకోవాలి.

అసలు క్యాబినెట్ విప్పకుండానే కొంత తెలుసుకోవచ్చు. చిన్నాన్నతో విండోస్ 10లో కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి ఇవి కొట్టించాను:

```
wmic memorychip get DeviceLocator,Capacity,PartNumber
wmic os get OSArchitecture
```

మొదటిది ఏ స్లాట్‌లో ఏముందో చెప్తుంది. ఒకే లైన్ వచ్చింది, బోర్డు మీద స్లాట్‌లు రెండు కాబట్టి ఒకటి ఖాళీ. రెండోది చాలామంది మరిచిపోయేది. మామూలు విండోస్ 10 32-bit అని వస్తే 4 జీబీ దాటి వాడుకోదు, ఎంత ర్యామ్ కొన్నా దండగే. అదృష్టం, 64-bit వచ్చింది. కొత్త విండోస్ 11లో wmic లేకపోతే పవర్‌షెల్‌లో Get-CimInstance Win32_PhysicalMemory కొట్టండి.

తర్వాత చిన్నాన్న అదే అమ్మేవాడిని U స్టిక్ అడిగాడు. ధర కొంచెం ఎక్కువ చెప్పి ఫోటో పంపాడు. 8GB 2Rx8 PC3-12800U, పార్ట్ నంబర్ M378B1G73QH0-CK0, ఒక్కో వైపు 8 చొప్పున 16 చిప్‌లు. H61 మొత్తం 16 జీబీ దాకా తీసుకుంటుంది కాబట్టి 8, 4 కలిపి 12కు ఇబ్బంది లేదు. వచ్చాక బిగించే ముందు మళ్లీ ఫోటో తీయించి, అమ్మేవాడి ఫోటోలోని సీరియల్ నంబర్‌తో కలిపి చూశాను, ఒకటే. రాత్రి షాపు మూసేటప్పుడు mdsched.exe నడిపించి వదిలేశాడు. ఫోటో ఎంత బాగున్నా లోపలి చిప్ పాడైందో లేదో చూపించదు, దానికి ఈ టెస్టే గతి.

పొద్దున చిన్నాన్న ఫోన్ చేసి, "తప్పులేం లేవంటున్నదిరా. గా ధర స్టిక్కర్ తియ్యకపోతే ఏమైతుండె?" అన్నాడు.

"చిప్‌లు లెక్కపెడుతుంటిమి చిన్నాన్న" అన్నాను.