భిన్నాల భాగహారం: విభాజకాన్ని తిరగవేసి గుణించడం ఎందుకు?

నేపథ్యం

ఒక భిన్నంతో భాగించాలంటే దాని వ్యుత్క్రమంతో గుణించాలన్నది భిన్నాల భాగహార సూత్రం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే ఈ సూత్రం కనిపిస్తుంది. విభాజకంలోని లవాన్ని, హారాన్ని తారుమారు చేసి ఆపై గుణించాలని అందులో ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో, 1150లో రెండవ భాస్కరుడు రాసిన లీలావతిలో కూడా ఇదే నియమం ఉంది. మహావీరుని గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగులోకి తెచ్చాడు.

టెట్, డీఎస్సీ గణితంలో సూత్రాన్ని వాడే లెక్కలతో పాటు, సూత్రం వెనుక ఉన్న భావనను పరీక్షించే ప్రశ్నలకూ అభ్యర్థి సిద్ధంగా ఉండాలి. అందువల్ల సూత్రం ఎలా పుట్టిందో తెలియడం అవసరం.

ప్రాథమిక నిర్వచనాలు

విభాజ్యం: భాగింపబడే సంఖ్య.

విభాజకం: భాగించే సంఖ్య.

భాగఫలం: భాగహారం ఫలితం.

వ్యుత్క్రమం: ఒక సంఖ్యను ఏ సంఖ్యతో గుణిస్తే లబ్ధం 1 అవుతుందో ఆ సంఖ్య. దీనికే గుణకార విలోమం అని మరో పేరు. 3/4 × 4/3 = 1 కాబట్టి 3/4కు వ్యుత్క్రమం 4/3. పూర్ణసంఖ్య 5ను 5/1గా రాయవచ్చు కనుక దాని వ్యుత్క్రమం 1/5. సున్నాను ఏ సంఖ్యతో గుణించినా 1 రాదు కాబట్టి సున్నాకు వ్యుత్క్రమం లేదు.

భాగహారం – రెండు అర్థాలు

భాగహారానికి రెండు అర్థాలు ఉన్నాయి. ఒక్కో వాటా పరిమాణం తెలిసి, అటువంటి వాటాలు ఎన్ని వస్తాయో కనుక్కోవడం కొలత భాగహారం. మొత్తం వాటాలెన్నో తెలిసి, ఒక్కో వాటా ఎంతో కనుక్కోవడం పంపక భాగహారం. విభాజకం పూర్ణసంఖ్య అయినప్పుడు రెండూ సులభంగానే అర్థమవుతాయి. 12 ÷ 3 అంటే 12లో మూడేసి చొప్పున ఎన్ని సమూహాలున్నాయని అడగవచ్చు. 12ను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందనీ అడగవచ్చు. విభాజకం భిన్నమైనప్పుడు కూడా ఈ రెండు అర్థాలూ నిలుస్తాయి. రెండు దారుల్లోనూ చివరకు వచ్చేది వ్యుత్క్రమంతో గుణకారమే.

కొలత పద్ధతిలో వివరణ

దృష్టాంతం: బట్టల దుకాణంలో 6 మీటర్ల గుడ్డ ఉంది. ఒక్కో జాకెట్టు ముక్కకు ముప్పావు మీటరు, అనగా 3/4 మీటరు కావాలి. మొత్తం ఎన్ని ముక్కలు వస్తాయి? చేయవలసిన లెక్క 6 ÷ 3/4.

మొదటి సోపానం: గుడ్డనంతటినీ పావు మీటర్ల చొప్పున గుర్తు పెట్టాలి. ఒక మీటరులో 4 పావులుంటాయి కాబట్టి 6 మీటర్లలో 6 × 4 = 24 పావులు ఉంటాయి. ఇక్కడ 4తో గుణించాం. ఈ 4 విభాజకంలోని హారం.

రెండవ సోపానం: ఒక్కో జాకెట్టు ముక్కకు 3 పావులు కావాలి. 24 పావులను మూడేసి చొప్పున కత్తిరిస్తే 24 ÷ 3 = 8 ముక్కలు వస్తాయి. ఇక్కడ 3తో భాగించాం. ఈ 3 విభాజకంలోని లవం.

జరిగినవి రెండే పనులు: హారంతో గుణించడం, లవంతో భాగించడం. ఈ రెండింటినీ కలిపి రాస్తే 6 × 4/3 = 8 అవుతుంది. భిన్నం తిరగబడినట్లు కనిపించడానికి కారణం ఇదే. హారం ఒక మీటరులో ఎన్ని చిన్న భాగాలున్నాయో చెబుతుంది కాబట్టి అది గుణకారంలోకి, అంటే పైకి వస్తుంది. లవం ఒక్కో ముక్కకు ఎన్ని చిన్న భాగాలు ఖర్చవుతాయో చెబుతుంది కాబట్టి అది భాగహారంలోకి, అంటే కిందికి వెళ్తుంది.

వ్యుత్క్రమం తెలిపే విషయం

పై దృష్టాంతంలో 4/3కు స్వంతంగా ఒక అర్థం ఉంది. ఒక్క మీటరు గుడ్డనే తీసుకుందాం. అందులో ఒక పూర్తి జాకెట్టు ముక్క పోగా పావు మీటరు మిగులుతుంది. ముక్కకు మూడు పావులు కావాలి కాబట్టి మిగిలిన ఒక పావు ముక్కలో మూడో వంతు. అంటే ఒక మీటరులో 1 1/3 ముక్కలు, అనగా 4/3 ముక్కలు ఉన్నాయి. విభాజకపు వ్యుత్క్రమం ఒక ప్రమాణంలో ఎన్ని వాటాలున్నాయో తెలిపే సంఖ్య అన్నమాట. ఒక మీటరుకు 4/3 ముక్కలైతే 6 మీటర్లకు 6 × 4/3 ముక్కలు. భాగహారం గుణకారంగా మారేది ఇక్కడే.

శేషం – జాగ్రత్త వహించవలసిన అంశం

అదే దుకాణంలో 5 మీటర్ల గుడ్డ ఉంటే 5 ÷ 3/4 = 5 × 4/3 = 20/3 = 6 2/3. వాస్తవంగా కత్తిరించి చూస్తే 6 ముక్కలకు 4 1/2 మీటర్లు ఖర్చయి అర మీటరు మిగులుతుంది. మిగిలింది 1/2 అయితే భాగఫలంలో 2/3 ఎలా వచ్చింది?

రెండూ ఒకే గుడ్డను సూచిస్తాయి, కొలమానాలే వేరు. మీటర్లలో చెబితే మిగిలింది 1/2 మీటరు. జాకెట్టు ముక్కల్లో చెబితే మిగిలింది 2/3 ముక్క, ఎందుకంటే మూడు పావులు అవసరమైన చోట రెండు పావులు ఉన్నాయి. 2/3 × 3/4 = 1/2 అని సరిచూసుకోవచ్చు. భాగఫలంలోని భిన్నభాగం ఎప్పుడూ విభాజకాన్ని ప్రమాణంగా తీసుకుని చెప్పేది. ప్రశ్నలో ఎన్ని ముక్కలు అని అడిగితే 6, ఎంత గుడ్డ మిగిలింది అని అడిగితే 1/2 మీటరు, భాగఫలం అడిగితే 6 2/3 అని గుర్తించాలి.

భిన్నాన్ని భిన్నంతో భాగించినప్పుడు కూడా నియమం ఇదే. మిగిలిన అర మీటరు గుడ్డలో ఎన్ని ముక్కలున్నాయన్న ప్రశ్నకు లెక్క 1/2 ÷ 3/4. రెండింటినీ పావుల్లోకి మారిస్తే 2 పావులు ÷ 3 పావులు = 2/3. దీనిని సమాన హారాల పద్ధతి అంటారు. వ్యుత్క్రమ పద్ధతిలో చేసినా 1/2 × 4/3 = 4/6 = 2/3 వస్తుంది.

పంపక పద్ధతిలో వివరణ

దృష్టాంతం: ఒక తానులో ముప్పావు వంతు 6 మీటర్లు ఉంది. పూర్తి తాను ఎన్ని మీటర్లు? తెలియని పొడవులో 3/4 వంతు 6 కాబట్టి ఇది కూడా 6 ÷ 3/4 లెక్కే.

తానును నాలుగు సమాన భాగాలుగా ఊహిస్తే, వాటిలో మూడు భాగాలు కలిసి 6 మీటర్లు. కాబట్టి ఒక భాగం 6 ÷ 3 = 2 మీటర్లు. నాలుగు భాగాలు 2 × 4 = 8 మీటర్లు. ఇక్కడ ముందు లవంతో భాగించి, తరువాత హారంతో గుణించాం. కొలత పద్ధతిలో క్రమం దీనికి విపర్యయంగా ఉంది, కానీ ఫలితం రెండింటిలోనూ 6 × 4/3 = 8. మొదటి దృష్టాంతంలో 8 అంటే ముక్కలు, రెండవదానిలో 8 అంటే మీటర్లు.

బీజీయ నిరూపణ

విభాజ్యాన్ని, విభాజకాన్ని ఒకే శూన్యేతర సంఖ్యతో గుణిస్తే భాగఫలం మారదు. 6 ÷ 3/4లో రెండింటినీ 4/3తో గుణిస్తే విభాజకం 3/4 × 4/3 = 1 అవుతుంది, విభాజ్యం 6 × 4/3 అవుతుంది. 1తో భాగిస్తే ఏ సంఖ్యా మారదు కనుక 6 × 4/3 భాగఫలంగా మిగులుతుంది. సాధారణ రూపం:

a/b ÷ c/d = a/b × d/c (b, c, d సున్నా కారాదు)

ఇందులో b, d హారాలు కాబట్టి సున్నా కారాదు. c సున్నా అయితే విభాజకమే సున్నా అవుతుంది. సున్నాతో భాగహారం నిర్వచితం కాదు.

సాధారణ దోషాలు – గుర్తించే విధానం

1. విభాజకానికి బదులు విభాజ్యాన్ని తిరగవేయడం. 6 ÷ 3/4ను 1/6 × 3/4గా చేస్తే 1/8 వస్తుంది. ధన సంఖ్యలలో విభాజకం 1 కంటే తక్కువైతే భాగఫలం విభాజ్యం కంటే ఎక్కువగా ఉండాలి. విభాజకం 1 కంటే ఎక్కువైతే భాగఫలం విభాజ్యం కంటే తక్కువగా ఉండాలి. ఇక్కడ విభాజకం 3/4 కాబట్టి 6 కంటే తక్కువైన ఏ ఐచ్ఛికాన్నైనా లెక్క చేయకుండానే తొలగించవచ్చు.

2. మిశ్రమ భిన్నాన్ని మార్చకుండా తిరగవేయడం. 2 1/4కు వ్యుత్క్రమం 2 4/1 కాదు. ముందుగా 9/4 అనే అపక్రమ భిన్నంగా మార్చాలి. అప్పుడు వ్యుత్క్రమం 4/9.

3. సగంతో భాగించడాన్ని సగం చేయడంగా పొరబడటం. 6ను సగం చేస్తే 6 ÷ 2 = 3. 6ను సగంతో భాగిస్తే 6 ÷ 1/2 = 12.

బోధనా ప్రాధాన్యం

మూడవ దోషం ఉపాధ్యాయులలోనూ కనిపించినట్లు 1999లో వెలువడిన లిపింగ్ మా అధ్యయనం నమోదు చేసింది. 1 3/4 ÷ 1/2కు సరిపోయే ఒక పదసమస్యను తయారు చేయమని అడగగా, 23 మంది అమెరికా ఉపాధ్యాయులలో ఒక్కరే భావనాపరంగా సరైన సమస్యను ఇవ్వగలిగారు. పలువురు ఇద్దరికి సమానంగా పంచే సమస్యను ఇచ్చారు. అది 2తో భాగించడం. సరైన సమస్య ఇలా ఉండాలి: 1 3/4 మీటర్ల గుడ్డలో అర మీటరు ముక్కలు ఎన్ని? జవాబు 7/4 × 2 = 7/2, అనగా మూడున్నర ముక్కలు.

మాదిరి ప్రశ్నలు

1. 4 1/2 ÷ 3/4 విలువ ఎంత? జవాబు: 9/2 × 4/3 = 6.

2. ఒక సంఖ్యలో 2/5 వంతు 14 అయితే ఆ సంఖ్య ఏది? జవాబు: 14 ÷ 2/5 = 14 × 5/2 = 35.

3. 4 మీటర్ల గుడ్డలో 3/4 మీటరు ముక్కలు కత్తిరించగా ఎంత గుడ్డ మిగులుతుంది? జవాబు: 4 × 4/3 = 5 1/3. పూర్తి ముక్కలు 5, మిగిలేది 1/3 ముక్క, అనగా 1/3 × 3/4 = 1/4 మీటరు. 1/3 మీటరు అని గుర్తిస్తే తప్పు.

ప్రతి లెక్కలోనూ భాగఫలాన్ని విభాజకంతో తిరిగి గుణించి చూడాలి. విభాజ్యం వస్తేనే జవాబు సరైనది.