‘సీటీ చెస్ట్’ అంటే సరిపోదా?

ప్రశ్న: పల్మనరీ ఎంబాలిజం అనుమానంతో ‘సీటీ చెస్ట్’ అని రాస్తే రేడియాలజీ వాళ్లు తిప్పి పంపారు. ఎందుకు?
– ఓ హౌస్ సర్జన్

జవాబు: మామూలు ఛాతీ సీటీని ఊపిరితిత్తుల ధమనుల్లో కాంట్రాస్ట్ నిండే క్షణానికి గురిపెట్టి తీయరు. గడ్డ ఉన్నా కనబడకపోవచ్చు. ‘సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్’ అనే అడగండి. కింద ఇలా రాయండి:

‘52 ఏళ్ల మహిళ. ఎడమ మోకాలి మార్పిడి జరిగి 10 రోజులు. ఈ ఉదయం హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీనొప్పి. నాడి 112, ఆక్సిజన్ 91 శాతం. కుడి పిక్క వాపు, నొక్కితే నొప్పి. వెల్స్ స్కోరు 9. క్రియాటినిన్ 1.0, కాంట్రాస్ట్ అలర్జీ లేదు. ఎంబాలిజం ఉందా? ఉంటే కుడి జఠరికపై ఒత్తిడి కనబడుతోందా?’

ఇంత స్కోరుంటే డీ-డైమర్ కోసం ఆగొద్దు. ఆపరేషన్ తర్వాత అది ఎలాగూ పెరుగుతుంది.