అరబిక్ శుభలేఖను తెలుగులో చెప్పాలంటే: ‘కరీమా’ పెళ్లికూతురు పేరు కాదండీ!

మన కోనసీమలో కువైట్, దుబాయ్, ఖతర్‌లలో పనిచేసే వాళ్లు లేని ఊరు అరుదు. రాజోలు పక్క నుంచి వెళ్లిన ఒక అక్క తన యజమాని ఇంటి పెళ్లి కార్డును వాట్సాప్‌లో పంపి, “ఇంట్లో అందరికీ చదివి చెప్పు” అందనుకోండి. దాన్ని తెలుగులోకి ఎలా తేవాలో ఈరోజు చూద్దాం.

కార్డు పైన ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం’ అని ఉంటుంది. మన శుభలేఖలో ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండే చోటే. అలాగని ఆ మాటలే ఇక్కడ పెట్టకూడదు. అది వాళ్ల ప్రార్థన. “అనంత కరుణామయుడు, అపార దయాళువు అయిన అల్లాహ్ పేరుతో” అని రాస్తే అర్థమూ, భక్తీ రెండూ నిలుస్తాయి.

తర్వాత వరుడి పేరు, ఆ వెంటనే ‘కరీమత్’ అన్న మాట, దాని పక్కన ఒక మగవారి పేరు కనిపిస్తాయి. చాలామంది పెళ్లికూతురు పేరు కరీమా అనుకుంటారు. అసలు అర్థం “ఫలానా వారి గౌరవనీయ కుమార్తె” అని. చాలా గల్ఫ్ కార్డుల్లో వధువు పేరు అచ్చువేయరు. పేరు లేకపోతే మనం కల్పించకూడదు. మన ‘చి.ల.సౌ.’ కూడా పేరు కాదు, మర్యాద కదా, ఇదీ అంతే.

అసలు తికమక తేదీ దగ్గర. ‘లైలతుల్ జుముఅ’ అంటే మాటకు మాట ‘శుక్రవారం రాత్రి’. కానీ వాళ్ల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారినట్టు. కాబట్టి అది మనకు గురువారం రాత్రి! పక్కనే ఇంగ్లీషు తేదీ ఉంటే, క్యాలెండర్‌లో ఆ వారం చూసి సరిచూసుకోండి. లేదంటే అక్క పెళ్లి అయిపోయాక వెళ్తుంది.

అడుగున ‘జన్నతుల్ అత్ఫాల్ మనాజిలుహుమ్’ అని ఉండొచ్చు. ‘పిల్లల స్వర్గం వాళ్ల ఇళ్లే’ అని రాస్తే మన ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. అది పిల్లల్ని తీసుకురావద్దని చెప్పే మర్యాద మాట. “చిన్నపిల్లలకు ఇంట్లోనే హాయి, దయచేసి పెద్దలే విచ్చేయగలరు” అంటే చాలు.

ఇప్పుడు మొత్తం కలిపి చదువుదాం:

“అనంత కరుణామయుడు, అపార దయాళువు అయిన అల్లాహ్ పేరుతో. మా కుమారుడు ఫలానా వివాహం, ఫలానా వారి గౌరవనీయ కుమార్తెతో, దైవసంకల్పం ఉంటే గురువారం రాత్రి జరుగును. తమరిని ఆహ్వానించడం మాకు గౌరవం. తమ రాకతోనే మా ఆనందం సంపూర్ణం. మీ ఇళ్లు ఎల్లప్పుడూ శుభకార్యాలతో కళకళలాడాలి. చిన్నపిల్లలకు ఇంట్లోనే హాయి, దయచేసి పెద్దలే విచ్చేయగలరు.”

చివరి దీవెన చూశారా? పిలిచేవాళ్లే వచ్చేవాళ్ల ఇంటిని దీవిస్తున్నారు. దాన్ని మాత్రం వదలకండి. రాజోల్లో వింటున్న అమ్మమ్మకు దక్కాల్సిన మాట అదే.