ఈ రాత మీదేనా? - ప్రచురణకర్తల ఉత్తరానికి జవాబు

ఒకప్పుడు ప్రచురణకర్తల దగ్గర్నుంచి రచయితకు రెండే రకాల ఉత్తరాలు వచ్చేవి. ఒకటి "మీ రచన స్వీకరించాము", రెండవది "చింతిస్తున్నాము". ఈమధ్య మూడో రకం బయల్దేరింది. "మీరు పంపిన రాతప్రతిలో కొంత భాగం కృత్రిమ మేధతో తయారై ఉండవచ్చునని మా తనిఖీ ప్రోగ్రాం సూచించింది. ఈ రచన ఎలా రాశారో పద్నాలుగు రోజుల్లో వివరించగలరు" అన్నది దాని సారాంశం. రేపు ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చేయబోయే మన విద్యార్థి మిత్రులకు ఇలాంటి ఉత్తరం ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. కాబట్టి దాని వెనకనున్న లెక్క ఏమిటో, జవాబు ఎలా ఇవ్వాలో తెలుసుకోవడం మంచిది.

ముందుగా ఒక తేడా గమనించాలి. కాపీని పట్టే ప్రోగ్రాం వేరు, ఇది వేరు. కాపీని పట్టేది మన వాక్యాన్నీ, అదే వాక్యం ఉన్న పాత వ్యాసాన్నీ పక్కపక్కన చూపిస్తుంది. నిజమో కాదో మన కళ్ళతో మనమే పోల్చుకోవచ్చు. రెండో ప్రోగ్రాం అలా ఏ మూలాన్నీ చూపించదు, ఒక శాతం చెబుతుంది.

ఆ శాతం ఎక్కడ నుంచి వస్తుంది? "వాన కోసం ఎదురు..." అని నేను ఆగితే, తర్వాతి మాట "చూస్తున్నాం" అని మీరే పూర్తి చేస్తారు. ఇలాంటి ప్రోగ్రాములలో కొన్ని ఆ పనే చేస్తాయి. ప్రతి మాట తర్వాత ఏ మాట రావచ్చో ఊహించి చూస్తాయి. ఊహ తేలిగ్గా కుదిరిన కొద్దీ యంత్రం రాసిందని అనుమానిస్తాయి, ఎందుకంటే యంత్రం కూడా ఎక్కువగా వచ్చే మాటనే ఎంచుకుంటూ రాస్తుంది. పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు సంగతి మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అది పత్తిలో తేమ ఎంతో చెబుతుంది గాని, ఆ పత్తి ఎవరి చేలో పండిందో చెప్పదు. ఈ శాతం కూడా అంతే. రాత ఎంత మామూలుగా ఉందో చెబుతుంది, ఎవరు రాశారో చెప్పదు.

దీని దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించండి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో వ్యాసం రాసేవాడు తనకు వచ్చిన కొద్ది మాటలతో, తప్పు పోకుండా చిన్న వాక్యాలు రాస్తాడు. అవి తేలిగ్గా ఊహకు అందుతాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు ప్రోగ్రాములను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు స్వయంగా రాసిన 91 వ్యాసాలు ఇస్తే, అవి సగటున నూటికి 61కి పైగా వ్యాసాలను యంత్రం రాసినవని తప్పుగా చెప్పాయి. అమెరికన్ పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు సరిగ్గానే చెప్పాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఇలాంటి ప్రోగ్రాం ఒకటి విడుదల చేసింది. యంత్రం రాసినవాటిలో నూటికి 26 మాత్రమే పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో నూటికి 9ని తప్పుగా అనుమానించింది. కచ్చితత్వం తక్కువని అదే సంవత్సరం జూలైలో ఉపసంహరించుకున్నారు. ఇవి ఆనాటి ప్రోగ్రాముల లెక్కలు. తర్వాత వచ్చినవి మెరుగైనవే అనుకున్నా, కింది చిక్కు తప్పదు.

ఒక పత్రికకు వెయ్యి వ్యాసాలు వచ్చాయనుకుందాం. వాటిలో 100 యంత్రం రాసినవి, 900 మనుషులు రాసినవి. ప్రోగ్రాం యంత్రపు రాతల్లో నూటికి 80 పట్టుకుంటుంది, మనుషుల రాతల్లో నూటికి 5 మాత్రమే పొరపాటు పడుతుంది అనుకుందాం. వినడానికి మంచి ప్రోగ్రామే. కాని 900లో నూటికి 5 అంటే 45. అనుమానించిన మొత్తం 80, 45 కలిపి 125. అంటే ఉత్తరం అందుకున్నవాళ్ళలో మూడోవంతు కంటే ఎక్కువమంది నిర్దోషులు! ఇక యంత్రపు వ్యాసాలు 20 మాత్రమే ఉంటే, పట్టుబడేవి 16, పొరపాటున ఇరుక్కునేవి 49. నలుగురిలో ముగ్గురు నిర్దోషులన్నమాట. ఈ లెక్క తెలిసిన సంపాదకుడు వెంటనే తిప్పి పంపడు, ముందు అడుగుతాడు. కాబట్టి ఆ ఉత్తరం తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే.

ఇక జవాబు సంగతి. మా పెద్దనాన్న కొడుకు పరిశోధన విద్యార్థి. త్రిపురాంతకం చుట్టుపక్కల ఊళ్ళలో నలభై బోర్ల నీళ్ళు తీసి, వాటిలో ఫ్లోరైడ్ కొలిచి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితి ఎక్కడెక్కడ దాటిందో వ్యాసం రాశాడు. ఒక పత్రిక నుంచి పై ఉత్తరమే వచ్చింది. ప్రోగ్రాం గుర్తు పెట్టిన పేరాలు చూస్తే, ఎక్కువ భాగం పద్ధతి వివరించినవే. "శాంపిళ్ళను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలలో సేకరించాము" అన్న వాక్యాన్ని ఫ్లోరైడ్ మీద రాసే ప్రతివాడూ ఇంచుమించు అలాగే రాస్తాడు. గాజు సీసాలు వాడకూడదు కాబట్టి మరోలా రాయడానికి వీల్లేదు.

"అన్నా, మాటలు అటూ ఇటూ మార్చి మళ్ళీ పంపితే పోదా?" అని అడిగాను. "ఒరేయ్, వాళ్ళు అడిగింది శాతం తగ్గించమని కాదు, ఎలా రాశానో చెప్పమని. ఇప్పుడు మార్చితే నా సాక్ష్యం నేనే చెరిపేసుకున్నట్టు" అన్నాడు. ఆ మాట నాకు సబబుగా తోచింది.

అతని జవాబు ఒక పేజీ మించలేదు. మొదట, ఏ భాగం ఎవరు, ఏ నెలలో రాశారో వరుసగా చెప్పాడు. రెండవది, ఉపోద్ఘాతంలో రెండు పేరాలకు వ్యాకరణం దిద్దే ప్రోగ్రాం వాడినట్టు దాని పేరుతో సహా రాసి, దిద్దకముందు ఉన్న పేరాలు కూడా జతచేశాడు. మూడవది, గూగుల్ డాక్స్‌లో Version history అనే చోట వ్యాసం రోజురోజుకూ పెరిగిన తీరు నమోదై ఉంటుంది. ఆ పాత ప్రతులు పంపాడు. నాలుగవది, బోరు లోతు, తేదీ, రీడింగు రాసుకున్న నోటుపుస్తకం ఫోటోలు పంపాడు. ఒక ఊళ్ళో అనుకున్న బోరు ఎండిపోతే పక్క బోరు నీళ్ళు తీసుకున్న సంగతి వ్యాసంలో ఒక వాక్యంగా ఉంది. అదే సంగతి ఆ రోజు పేజీలో పెన్సిలుతో రాసి ఉంది.

వీటిలో ఏది ఎంత గట్టిదో కూడా తెలియాలి. వేరేచోట తయారైనదాన్ని చూసి మెల్లగా టైపు చేసినా పాత ప్రతులు అలాగే కనిపిస్తాయి. మరో ఫైలులో రాసుకుని ఒక్కసారిగా అతికిస్తే, నిజంగా రాసినవాడి ప్రతులు కూడా అనుమానంగా కనిపిస్తాయి. ఫైలు మీది తేదీ కాపీ చేస్తే మారిపోవచ్చు. అందుచేత అన్నిటికంటే బలమైనది నోటుపుస్తకం, దాని తర్వాత ఏ వాక్యం గురించి అడిగినా నోటితో వివరించగలగడం. "కావలిస్తే ఫోనులో మాట్లాడతాను" అని అన్న చివర రాసింది అందుకే.

వ్యాకరణ ప్రోగ్రాం వాడిన విషయం వ్యాసం చివర ఒక వాక్యంలో తెలపమని కోరి, పత్రికవారు దాన్ని సమీక్షకులకు పంపారు. అక్కడ నీళ్ళ గురించి ప్రశ్నలు వచ్చాయి. రావలసినవి అవే కదా!

మనం ఇప్పటినుంచే చేయదగినది ఒకటుంది. ప్రాజెక్టు రికార్డు రాసేటప్పుడు చిత్తుప్రతి పారెయ్యకండి. తెలుగులో రాసుకున్నదైనా సరే, కొట్టివేతలతో ఉన్నదైనా సరే, తేదీ వేసి దాచండి. సాపు చేసిన ప్రతి మన మార్కుల కోసం. ఆ రాత ఎవరిదని అడిగిన రోజున జవాబు చెప్పేది మాత్రం చిత్తుప్రతే.