ఉద్యోగం మానేసి కోర్సు చేయాలంటే ఎన్ని నెలల డబ్బు ఉండాలి?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ అనలిస్టుగా పనిచేస్తున్నాను. చేతికి 42 వేలు వస్తాయి. మా ఆవిడ ఇంట్లో టైలరింగ్ చేసి నెలకు 10 వేలు తెస్తుంది. పాప మూడో తరగతి. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 38 వేలు. బ్యాంకులో 5.8 లక్షలు, పీఎఫ్‌లో 5 లక్షలు ఉన్నాయి. ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో 45 వేలు కట్టి నాలుగు నెలల క్లినికల్ శాస్ ప్రోగ్రామింగ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. నా లెక్కలో రెండేళ్లకు పైగా గడుస్తుంది. మానేయమంటారా?

జవాబు: మీరు ఎంచుకున్న దారి మంచిదే. క్లినికల్ ట్రయల్స్ డేటాను పట్టికలుగా, నివేదికలుగా మార్చే ఆ పనిలో, డాక్యుమెంటేషన్ క్రమశిక్షణ తెలిసిన మీలాంటివాళ్లు త్వరగా కుదురుకుంటారు. కానీ ఇప్పుడే మానేయకండి. మీ లెక్కలో మూడు పొరపాట్లున్నాయి.

మొదటిది ఖర్చు. మీరు రాసినవి నెలనెలా కట్టేవి మాత్రమే. ఏడాదికోసారి వచ్చేవి మర్చిపోయారు. పాప స్కూలు ఫీజు 60 వేలు, ఇకపై మీరే కట్టాల్సిన ఆరోగ్య బీమా 24 వేలు, బండి ఇన్సూరెన్సు, పండగలకు 12 వేలు అనుకుందాం. అవి నెలకు 8 వేలు. అంటే అసలు ఖర్చు 46 వేలు. మీ ఆవిడ సంపాదన పోగా, దాచుకున్నదాంట్లోంచి నెలకు 36 వేలు తీయాలి.

రెండోది పీఎఫ్. దాన్ని ఈ లెక్కలో కలపకండి. ఉద్యోగం మానేసినా దానికి వడ్డీ వస్తూనే ఉంటుంది, కొత్త కంపెనీలో అదే యూఏఎన్‌తో కొనసాగుతుంది. ముసలితనం డబ్బును ఈ ఏడాది తినేయకూడదు. మిగిలిన 5.8 లక్షల్లోంచి ఫీజు 45 వేలు, ఆసుపత్రి అవసరానికని ముట్టకుండా ఉంచే లక్ష తీసేయండి.

మూడోది అందరూ మరిచిపోయేది: ఉద్యోగం వచ్చాక కూడా కొన్నాళ్లు డబ్బు కరుగుతుంది. మీ పదేళ్ల క్యూసీ అనుభవాన్ని ప్రోగ్రామింగ్ అనుభవంగా లెక్కించరు. మొదటి జీతం 30 వేలే అయితే నెలకు 6 వేలు తక్కువ పడుతుంది, ఏడాదికి 72 వేలు. అదీ పోతే 3.63 లక్షలు మిగులుతాయి. సరిగ్గా పది నెలలు.

కావలసిందెంత? కోర్సుకు నాలుగు నెలలు, సాధనకు రెండు, ఉద్యోగం వెతకడానికి ఆరు, మొదటి జీతం చేతికొచ్చేదాకా ఒకటి. మొత్తం పదమూడు. మూడు నెలల డబ్బు తక్కువ పడుతుంది.

అందుకే కోర్సు వారాంతపు బ్యాచ్‌లో, ఉద్యోగం చేస్తూనే పూర్తి చేయండి. ఆ నాలుగు నెలల్లో 24 వేలు మిగుల్తుంది. మానేశాక కావలసినవి తొమ్మిది నెలలు, చేతిలో ఉండేది పదిన్నర నెలలకు పైన. అప్పుడు లెక్క సరిపోతుంది. ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి గ్రాట్యుటీ కూడా వస్తుంది. మూలవేతనం 20 వేలైతే సుమారు 1.15 లక్షలు. అయితే చేతికి వచ్చేదాకా దాన్ని నమ్ముకోకండి.

మానేసే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కంపెనీ గ్రూపు బీమా సాధారణంగా మీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. సొంత పాలసీలో ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. కనీసం రెండు నెలల ముందే పాలసీ తీసుకోండి. ఉన్న జబ్బులేవీ దాచకండి.

మానేశాక ఆరో నెల చివర ఒక గీత గీసుకోండి. ఇంటర్వ్యూ పిలుపులే రాకపోతే లోపం రెజ్యూమెలో ఉంది. పిలుపులొచ్చి సాంకేతిక రౌండ్లో పోతుంటే లోపం సాధనలో ఉంది. ఏదైనా, ఆ రోజు నుంచి క్యూసీ ఉద్యోగాలకూ దరఖాస్తు పెట్టండి. అప్పటికి ఇంకా నాలుగున్నర నెలల డబ్బు ఉంటుంది కాబట్టి, దొరికిన జీతానికి తలవంచాల్సిన పని ఉండదు.

చివరిగా ఒక మాట. "మూడేళ్ల శాస్ అనుభవం చూపిస్తాం" అని ఎవరైనా కన్సల్టెన్సీవాళ్లు అంటే ఒప్పుకోకండి. మీరు ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో పీఎఫ్ సర్వీసు చరిత్రలో ఉంటుంది, నియామకపు తనిఖీలో అది బయటపడుతుంది. వచ్చిన ఉద్యోగం అలా పోతే, దాచుకున్న డబ్బు అప్పటికే అయిపోయి ఉంటుంది. ఈ వారం వారాంతపు బ్యాచ్‌లో చేరండి. రాజీనామా నాలుగు నెలల తర్వాత ఇవ్వండి.