భుజం కీలు: వైవాలో తప్పక అడిగే ప్రశ్నలు

ప్రశ్న: భుజం కీలుకు స్థిరత్వం ఎముకల వల్ల వస్తుందా?

జవాబు: చాలా తక్కువ. హ్యూమరస్ తల పెద్దది, గ్లినాయిడ్ గుంట చిన్నది, లోతు లేనిది. ఏ భంగిమలోనైనా తలలో మూడో వంతుకు మించి గుంటను తాకదు. గుంట అంచు చుట్టూ ఉండే గ్లినాయిడ్ లేబ్రమ్ దాని లోతును కొంత పెంచుతుంది.

ప్రశ్న: మరి ప్రధాన ఆధారం ఏది?

జవాబు: రొటేటర్ కఫ్. ముందు సబ్‌స్కాప్యులారిస్, పైన సుప్రాస్పైనేటస్, వెనుక ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్. వీటి టెండాన్లు క్యాప్సూల్‌తో కలిసిపోయి, చెయ్యి కదులుతున్నప్పుడు తలను గుంటలోకి నొక్కి పట్టుకుంటాయి. పేర్లతో ఆగిపోకండి, ఈ పని చెబితేనే జవాబు పూర్తవుతుంది. తల పైకి జరగకుండా కొరకో అక్రోమియల్ ఆర్చ్ అడ్డుకుంటుంది.

ప్రశ్న: బలహీన స్థానం?

జవాబు: కింది భాగం. అక్కడ కఫ్ లేదు, క్యాప్సూల్ వదులుగా ఉంటుంది.

ప్రశ్న: చెయ్యి పైకెత్తి బంతి విసరబోతున్న ఆటగాడికి దెబ్బ తగిలి కీలు తప్పింది. ఏం జరిగింది? ఏం పరీక్షిస్తారు?

జవాబు: చెయ్యి పక్కకు లేచి, బయటికి తిరిగి ఉన్నప్పుడు తల ముందు, కింది క్యాప్సూల్ మీద ఒత్తుతుంది. ఆ భంగిమలో దాన్ని ఆపేది ముఖ్యంగా ఇన్‌ఫీరియర్ గ్లీనోహ్యూమరల్ లిగమెంట్. అది లేబ్రమ్‌తో సహా ఊడితే తల ముందుకు జారి కొరకాయిడ్ కింద నిలుస్తుంది, భుజం గుండ్రదనం పోతుంది. కీలు సరిచేయడానికి ముందూ తర్వాతా డెల్టాయిడ్ దిగువ భాగంపై చర్మ స్పర్శ చూడాలి. స్పర్శ తగ్గితే ఆక్సిలరీ నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. స్పర్శ బాగున్నా నరానికి గాయం లేదని తేల్చకూడదు, డెల్టాయిడ్ కదలికనూ చూడాలి.