బీమా ఉంది. సరిపోతుందా?

సంగారెడ్డి జిల్లాలో పాశమైలారం ఉంది. 2025 జూన్ 30న అక్కడి సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. సంపాదించే మనిషి పోతే ఇల్లు ఎట్లా గడవాలి? అందుకే బీమా. అయితే బీమా ఉంటే చాలదు. ఎంత ఉందో చూడాలి.

పటాన్‌చెరులో ఒక కుటుంబం ఉందనుకుందాం. భర్త జీతం నెలకు 18,000 రూపాయలు. అందులో ఆయన సొంత ఖర్చు 5,000. ఆయన లేకపోయినా ఇంటి ఖర్చుకు నెలకు 13,000 కావాలి. భార్య కుట్టుపని చేసి 5,000 తెస్తుంది. ఆ 13,000లో ఈ 5,000 తీసేద్దాం. ఆయన లేకపోతే నెలకు 8,000 తక్కువ పడుతుంది. ఏడాదికి 96,000.

బిడ్డకు పదేళ్లు. ఆమె తన కాళ్ల మీద నిలబడటానికి ఇంకో పదేళ్లు పడుతుంది. అంటే ఇంటికి కావలసింది 9,60,000. ఇంటి అప్పు, సంఘం అప్పు కలిపి 2,50,000. బిడ్డ పై చదువుకు 2,00,000. మొత్తం 14,10,000 రూపాయలు కావాలి.

ఇప్పుడు చేతిలో ఏముందో చూద్దాం.

ఎల్ఐసీ పాలసీ: 1,00,000.
బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కోసే జీవన జ్యోతి బీమా: 2,00,000.
పీఎఫ్‌తో వచ్చే బీమా: 5,00,000.
మొత్తం: 8,00,000.

14,10,000 లోంచి 8,00,000 తీసేస్తే 6,10,000 తక్కువ. ఇదే లోటు.

ఇక్కడ మూడు సంగతులు మరువరాదు.

ఒకటి. పీఎఫ్ బీమా జీతాన్ని, పీఎఫ్ నిల్వను బట్టి ఉంటుంది. 7 లక్షలు దాటదు. పని మానేస్తే ఆ బీమా నిలవదు. అప్పుడు ఈ ఇంటి లోటు 11,10,000 అవుతుంది. కాంట్రాక్టు పనివారైతే అసలు పీఎఫ్ కోస్తున్నారో లేదో జీతం చీటీలో చూడాలి.

రెండు. ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా ప్రమాదానికే. జబ్బుతో పోతే రాదు. ఈఎస్ఐ ఆధారితుల పింఛను కూడా పని వల్ల చనిపోతేనే వస్తుంది. అందుకే ఈ రెండూ లెక్కలో కలపలేదు.

మూడు. కట్టిన సొమ్ము వేరు, బీమా మొత్తం వేరు. పాలసీ కాగితం మీద బీమా మొత్తం ఎంత రాసి ఉందో అదే చూడాలి. పాలసీ మీద అప్పు తీసుకుంటే ఆ అప్పు, వడ్డీ పట్టుకుని మిగిలింది ఇస్తారు.

లోటు పూడ్చటానికి టర్మ్ పాలసీ ఉంది. తక్కువ కట్టుబడికి ఎక్కువ బీమా. గడువు దాకా మనిషి బతికుంటే మామూలుగా డబ్బు తిరిగి రాదు. అందుకే అది చవక.

ధరలు పెరుగుతాయి, అప్పులు మారతాయి. ఏడాదికోసారి లెక్క మళ్లీ వేయాలి.

మీ ఇంటి లెక్క రాయండి:

1. ఆయన జీతం లేకపోతే నెలకు ఎంత తక్కువ పడుతుంది?
2. ఎన్నేళ్లు ఆసరా కావాలి?
3. అప్పులు ఎంత?
4. ఎట్లా చనిపోయినా వచ్చే బీమా ఎంత?
5. లోటు ఎంత?